డెఫ్ సహోద్యోగిని, పొరుగువారిని సైన్‌లో పలకరించడం: మొదటి రెండు నిమిషాలకు మార్గదర్శి

మా ఆఫీసులో కొత్తగా చేరినతను డెఫ్, ఎలా పలకరించాలి? పక్క పోర్షన్‌లోకి దిగిన అక్కకు వినపడదు, ఎదురైనప్పుడు నవ్వి తప్పుకుంటున్నాను, ఏం చేయాలి? ఒంగోలులో తెలిసినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలివి. నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యూనిట్ ఆఫీసులో పనిచేస్తాను. మా అకౌంట్స్ సెక్షన్‌లో ఒక తమ్ముడు డెఫ్. మా ఇంటి పక్కన ఉండే అక్క కూడా డెఫ్. నాకు వచ్చిన సైన్, అంటే చేతులతో, ముఖంతో మాట్లాడే భాష, అంతా వాళ్లిద్దరి దగ్గర, వాళ్లు దిద్దగా నేర్చుకున్నదే.

ఇక్కడ భాష మొత్తం చెప్పడం లేదు. పిలవడం, నమస్కారం, బాగున్నారా, పేరు, థాంక్స్, సెలవు. ఇంతే. ఈ ఆరూ సరైన వరుసలో వస్తే మొదటి కలయిక సాఫీగా జరుగుతుంది.

## 1. ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సిన రెండు విషయాలు

ఏ మాట వాడాలి. చెవిటి, మూగ, చెవిటిమాలోకం లాంటి మాటలు ఎదుటివాళ్లకు వినపడవు కదా అని చాలామంది వాడేస్తారు. పెదవుల మీద ఆ మాటలను వాళ్లు చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నారు, వెంటనే పట్టేస్తారు. సైన్ వాడేవాళ్లు తమను తాము డెఫ్ అనుకుంటారు. కాగితాల్లో బధిరులు అని రాస్తారు. మీరు డెఫ్ అనండి. ‘మూగ’ అనడం మర్యాద కాకపోవడమే కాదు, తప్పు కూడా. చాలామంది డెఫ్ వ్యక్తులకు గొంతు బాగానే ఉంటుంది, కొందరు మాట్లాడతారు కూడా.

ఏ సైన్ నేర్చుకోవాలి. సైన్ లాంగ్వేజ్ ప్రపంచమంతా ఒకటే అనుకుని ఫోన్లో మొదట కనిపించిన వీడియో చూసి నేర్చుకుంటారు. అది చాలాసార్లు అమెరికన్ సైన్ అయి ఉంటుంది. మనకు కావాల్సింది ఇండియన్ సైన్ లాంగ్వేజ్. తేడా పట్టడానికి సులువైన గుర్తు ఇంగ్లీషు అక్షరాల పట్టిక. అందులో 26 అక్షరాలూ ఒంటి చేత్తో ఉంటే అది మనది కాదు, చాలావరకు అమెరికన్‌ది. మన దగ్గర వాడే పట్టికలో ఎక్కువ అక్షరాలకు రెండు చేతులూ కలుస్తాయి.

ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ 10,000 పదాల వీడియో నిఘంటువు తయారు చేసింది. యూట్యూబ్‌లో ISLRTC అని వెతికితే వాళ్ల వీడియోలు వస్తాయి. ఫోన్లో అయితే Sign Learn అనే యాప్ ఉంది. చేతి కదలికను చదివి ఊహించుకోవడం కష్టం, అందుకే నేను కింద చెప్పే ప్రతి సైన్‌నూ ఒకసారి వీడియోలో కూడా చూడండి.

వీడియో చూశాక కూడా ఒకటి గుర్తుంచుకోండి. మన మాటలో యాస మారినట్టే సైన్‌లోనూ ఊరికీ ఊరికీ, చదువుకున్న బడికీ బడికీ కొన్ని గుర్తులు మారతాయి. మీ సహోద్యోగి చేసేది వీడియోలో దానికి భిన్నంగా ఉంటే ఆయనదే సరైనది. ఆయన చేసినట్టే చేయండి. ‘యాప్‌లో ఇలా ఉంది’ అని ఆయనకే చూపించడం, నెల్లూరాయనకు తెలుగు దిద్దినట్టు ఉంటుంది.

## 2. నిలబడే చోటు, వెలుతురు, చేతులు

సైన్ కంటితో వినే భాష కాబట్టి వెలుతురే మన గొంతు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం నల్లగా కనిపిస్తుంది, వేళ్లు కలిసిపోతాయి. వెలుతురు మీ ముఖం మీద పడేలా తిరగండి. అవతలి మనిషి కళ్లలోకి ఎండ కొట్టకుండా కూడా చూసుకోండి.

దూరం ఒక మీటరు నుంచి మీటరున్నర ఉంటే బాగుంటుంది. మనకు దగ్గరగా వెళ్లి చెవిలో చెప్పే అలవాటు ఉంది. ఇక్కడ అది పనికిరాదు. మరీ దగ్గరికి వెళితే ముఖం, చేతులు ఒకే చూపులో పట్టవు.

బయలుదేరే ముందు చూసుకోండి:

- చేతుల్లో సంచి, టీ గ్లాసు, ఫోన్ ఏమీ లేకుండా ఖాళీగా ఉన్నాయా
- నోట్లో కిళ్లీ, చూయింగ్ గమ్ ఏదైనా ఉందా
- మాస్క్ ఉంటే గడ్డం కిందికి దించగలరా
- జేబులో చిన్న పుస్తకం, పెన్ను ఉన్నాయా, లేదా ఫోన్లో పెద్ద అక్షరాలతో రాసుకునే నోట్స్ తెరిచి ఉందా

నోటి సంగతి ఎందుకంటే, సైన్ చేసేటప్పుడు పెదవులు కూడా మెల్లగా ఆ మాటను పలుకుతాయి. అది కొంత సాయం చేస్తుంది. కానీ పెదవుల మీదే భారం వేయకండి. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా ‘పాప’ అని, తర్వాత ‘మామ’ అని అనండి. పెదవులు రెండుసార్లూ ఒకేలా కదులుతాయి. ప, బ, మ మూడూ పెదవులు మూస్తేనే వస్తాయి, చూసేవాళ్లకు తేడా లేదు. క, గ అయితే నోటి లోపల వెనక పలుకుతాయి, అసలు కనిపించవు. ‘పెదాలు చూసి అర్థం చేసుకుంటాడులే’ అని గబగబా మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు ఈ అద్దం పరీక్ష ఒకసారి చేయాలి.

## 3. ముందు చూపు కలవాలి

వినేవాళ్లం ముందు పేరుపెట్టి పిలుస్తాం, తర్వాత చూస్తాం. ఇక్కడ చూపు కలిశాకే ఏదైనా మొదలవుతుంది. అవతలివాళ్లు మీ వైపు చూడకముందు మీరు చేసిన నమస్కారం లెక్కలోకి రాదు.

పిలిచే పద్ధతులు పరిస్థితిని బట్టి ఇలా:

1. ఎదురుగానో పక్కనో ఉంటే చేతిని వాళ్ల చూపు అంచులో, భుజం ఎత్తులో మెల్లగా ఊపండి. ముఖం ముందు ఊపవద్దు.
2. వెనక నుంచి వస్తుంటే వీలైనంత వరకు చుట్టూ తిరిగి ఎదుటికి రండి. కుదరకపోతే భుజం మీద గానీ మోచేతికి పైన గానీ వేళ్లతో రెండుసార్లు తేలిగ్గా తట్టండి.
3. బల్లకు అటువైపు ఉంటే బల్ల మీద అరచేత్తో రెండుసార్లు తట్టండి. ఆ అదురు చేతికి తెలుస్తుంది.
4. గదిలో దూరంగా ఉంటే లైటు ఒక్కసారి ఆర్పి, వెంటనే మళ్లీ వెలిగించండి. లేదా వాళ్ల పక్కనున్నవాళ్లను తట్టి, మీ వైపు చూపించమని చెప్పండి.

భుజం తట్టడం గురించి మా వైపు సందేహం వస్తుంది. ఆడవాళ్లను తట్టడం ఏం బాగుంటుంది అని. డెఫ్ వాళ్ల మధ్య అది మామూలే, పేరుపెట్టి పిలవడంతో సమానం. అయినా మొదటి పరిచయంలో మగవాళ్లు ఆడవాళ్లను పిలవాలంటే చేయి ఊపడం, బల్ల తట్టడం చాలు. ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

వీపు మీద చరచడం, చొక్కా పట్టి లాగడం, కాగితం ఉండ చుట్టి విసరడం, వెనక నుంచి కళ్లు మూయడం ఎంత చనువున్నా వద్దు. వినపడని మనిషికి వెనక ఎవరున్నదీ తెలియదు, ఒక్కసారిగా ఉలిక్కిపడతారు. గ్రానైట్ కోసే మిషన్ల దగ్గర అయితే అది ప్రమాదం కూడా.

చూపు కలిసిందని ఎలా తెలుస్తుంది? వాళ్ల కనుబొమలు కొద్దిగా లేస్తాయి, లేదా తల చిన్నగా ఊగుతుంది. అంటే ‘చెప్పండి’ అని. అప్పుడు మొదలుపెట్టండి.

## 4. నమస్కారం, తర్వాత ముఖం

ఈ ఒక్క సైన్ మీకు ముందే వచ్చు. రెండు అరచేతులూ ఛాతీ ముందు కలిపి తల కొద్దిగా వంచడం. సైన్‌లోనూ నమస్కారం అదే. సమవయస్కులైతే చేయి ఊపి నవ్వినా సరిపోతుంది.

చిన్న తేడా ఒకటుంది. మనం నమస్కారం పెడుతూ చూపు కిందికి దించుతాం, లేదా పక్కనున్న ఇంకొకరి వైపు తిప్పుతాం. ఇక్కడ చూపు వదలకూడదు. తల వంచినా కళ్లు మళ్లీ వాళ్ల కళ్ల మీదికే రావాలి. మధ్యలో చూపు తిప్పేస్తే మాట మధ్యలో ఫోన్ పెట్టేసినట్టే.

సైన్‌లో నువ్వు, మీరు అని రెండు మాటలు ఉండవు. ఎదుటి మనిషి వైపు చూపుడువేలు చూపిస్తే అదే మీరు. మీ ఛాతీ వైపు చూపిస్తే నేను. పెద్దవాళ్ల వైపు వేలు చూపించకూడదని మనల్ని పెంచారు కాబట్టి మొదట్లో చేయి ఆగిపోతుంది. నాకూ చాలా రోజులు ఆగిపోయింది. ఆ వేలు తప్పు పట్టేది కాదు, అది ఒక పదం. మర్యాద ముఖంలో, తల వంపులో, కదలిక నెమ్మదిలో కనిపిస్తుంది. వేలు కొద్దిగా కిందికి ఉంచి మెల్లగా చూపించండి, పొడిచినట్టు కాదు. మీతో ఉన్న ఇంకొకరికి వాళ్లను పరిచయం చేసేటప్పుడు అరచేయి పైకి తెరిచి చూపిస్తే వినే పెద్దలకు కూడా ఎబ్బెట్టుగా ఉండదు.

ఎడమ చేతి వాటం ఉన్నవాళ్లు ఎడమ చేత్తోనే సైన్ చేస్తారు. దాన్ని అమర్యాదగా తీసుకోకండి. మీ వాటం ఏదైతే మీరూ ఆ చేత్తోనే చేయండి. మధ్యలో చేతులు మార్చకండి, అంతే.

## 5. ‘బాగున్నారా?’ అని అడగడం

బొటనవేలు పైకి, మిగతా వేళ్లు ముడిచి. ఇండియన్ సైన్‌లో ఇది ‘మంచి, బాగు’ అనే పదం. దీన్ని ప్రశ్నగా మార్చేది చేయి కాదు, ముఖం. ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే.

వరుస ఇది:

1. చూపుడువేలితో ‘మీరు’.
2. బొటనవేలు పైకి లేపి ‘బాగు’.
3. ఆ బొటనవేలు అలాగే నిలిపి, కనుబొమలు పైకి లేపి, కళ్లు కాస్త పెద్దవి చేసి, తల కొద్దిగా ముందుకు వంచండి.
4. జవాబు వచ్చేదాకా చేయి, ముఖం అలాగే ఉంచండి.

మూడో అడుగు లేకపోతే మీరు అడిగింది ‘మీరు బాగున్నారు’ అనే చెప్పినట్టు అవుతుంది. అవతలివాళ్లు తల ఊపి ఊరుకుంటారు. మీరు జవాబు కోసం చూస్తుంటారు. ఇద్దరి మధ్యా ఒక వింత నిశ్శబ్దం ఏర్పడిందంటే కనుబొమలు లేవలేదని అర్థం.

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలన్నింటికీ ఇదే ముఖం. ఏమిటి, ఎక్కడ, ఎవరు అనే ప్రశ్నలకు మాత్రం ముఖం వేరు. కనుబొమలు పైకే ఉంటాయి, కానీ తల ముందుకు కాకుండా గడ్డం కాస్త పైకి లేచి వెనక్కి పోతుంది. మనం రోడ్డు అవతల ఉన్న స్నేహితుణ్ణి చూసి గొంతు లేకుండా ‘ఏంటి సంగతి?’ అని అడిగేటప్పుడు గడ్డం ఎగరేసి చేయి తిప్పుతాం చూడండి, దాదాపు అదే. ప్రశ్న పదం ఎప్పుడూ చివర వస్తుంది. ‘మీ పేరు ఏమిటి’ అని తెలుగులో చివర పెట్టినట్టే, సైన్‌లోనూ మీరు, పేరు, ఏమిటి అనే వరుస. ఇంగ్లీషు వరుసలో ప్రశ్నను ముందు పెట్టేవాళ్లకంటే తెలుగువాళ్లకు ఇది తేలిక.

రెండు జాగ్రత్తలు. బొటనవేలిని నిలకడగా ఉంచండి. మన వైపు బొటనవేలు అటూ ఇటూ ఆడిస్తే ‘ఏమీ లేదు, పో’ అనే వెక్కిరింత. అలాగే ‘అవును’ అనడానికి మనం తల పక్కలకు ఊపుతాం. సైన్‌లో తల అడ్డంగా తిరిగితే అది ‘కాదు’ కిందికి పోయే అవకాశం ఉంది. అవునంటే పైకీ కిందికీ స్పష్టంగా ఊపండి.

## 6. పేరు చెప్పుకోవడం

ముందు మీ పేరు చెప్పండి. ‘నేను’ అని ఛాతీ వైపు చూపించి, పేరును వేళ్లతో ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పడం పద్ధతి. దీన్ని ఫింగర్ స్పెల్లింగ్ అంటారు. మొత్తం 26 అక్షరాలూ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ పేరులో ఉన్న నాలుగైదు అక్షరాలు పట్టికలో చూసుకుని అద్దం ముందు పదిసార్లు చేస్తే చాలు.

చేసేటప్పుడు చేతులు ఛాతీ ఎత్తులో ఒకేచోట ఉంచండి. అక్షరం అక్షరానికీ చేతులను ఎగరేస్తే చదవడం కష్టం. ఒక్కో అక్షరాన్ని పెదవులతో విడివిడిగా ‘ఆర్, ఏ, వీ, ఐ’ అనకుండా, పేరు మొత్తం ‘రవి’ అని ఒకసారి పలకండి. వేగం అక్కర్లేదు, లయ సమంగా ఉండాలి. ఇంటిపేరు కూడా చెప్పాలనుకుంటే మధ్యలో ఒక క్షణం ఆగండి. అయినా మొదటి పరిచయంలో ఇంటిపేరు వదిలేయడమే మేలు. మన ఇంటిపేర్లు చాలావాటికి ఇంగ్లీషులో అక్షరాలు ఎక్కువ.

తప్పు పోతే అక్షరాన్ని గాలిలో తుడిచినట్టు చేయి ఊపి, పేరు మొదటి నుంచి చెప్పండి. మధ్యలోంచి అందుకుంటే అవతలివాళ్లు అక్షరాలను కలుపుకోలేరు.

ఫింగర్ స్పెల్లింగ్ రాకపోతే రాసి చూపించండి. పేరు ఒక్కటే, పెద్ద అక్షరాలతో. అందులో తక్కువేమీ లేదు. కానీ నమస్కారం, చూపు, ‘నేను’ అనే వేలు అయ్యాకే కాగితం బయటికి రావాలి. ముందే ఫోన్ ముఖం ముందు పెడితే బ్యాంకులో ఫారం చూపించినట్టు ఉంటుంది.

ఇక సైన్ పేరు. సైన్ వాడే డెఫ్ వాళ్లలో దాదాపు ప్రతి మనిషికీ ఒక గుర్తు పేరు ఉంటుంది. బుగ్గ మీద సొట్ట, కనుబొమ మీద మచ్చ, ఉంగరాల జుట్టు, ఏదో ఒక అలవాటు, ఇలాంటి దాన్నుంచి వస్తుంది. మీ సహోద్యోగికీ ఒకటి ఉండే ఉంటుంది. ఆయన చూపిస్తే వెంటనే మీరూ ఒకసారి చేసి, సరిగ్గా వచ్చిందా అని ముఖంతో అడగండి. ఆ రోజు నుంచి ఆయన గురించి సైన్‌లో చెప్పాలంటే అదే పేరు.

మీ సైన్ పేరును మీరే పెట్టుకోకూడదు. డెఫ్ వాళ్లే పెట్టాలి, అదీ మిమ్మల్ని కొంతకాలం చూశాక. ఆ పేరు మీ మచ్చ మీదో, పొట్ట మీదో వచ్చినా నొచ్చుకోకండి. మిమ్మల్ని శ్రద్ధగా చూశారని దానర్థం. ఆఫీసులో వినేవాళ్లందరూ కలిసి డెఫ్ మనిషికి తామే ఒక గుర్తు పెట్టేయడం మాత్రం చేయకండి. ఆయనకు పేరు ఉంది, అడిగి తెలుసుకోవాలి.

## 7. అర్థం కానప్పుడు

మీ నమస్కారం, పేరు చూసి అవతలివాళ్లకు సంతోషం కలిగి ఒక్కసారిగా వేగంగా సైన్ చేయడం మొదలుపెడతారు. అది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది. అప్పుడు టెన్షన్ పడి, అర్థమైనట్టు తల ఊపేయడమే అన్నిటికంటే పెద్ద తప్పు. వాళ్లు ఒక ప్రశ్న అడిగి ఉంటారు, మీరు అవునని ఒప్పుకుని ఉంటారు.

ఇలా చేయండి. ‘నేను’ అని చూపించి, రెండు చేతులను ఛాతీ ముందు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిప్పి ‘సైన్’ అనండి. తర్వాత బొటనవేలు, చూపుడువేలి మధ్య చిన్న సందు చూపించి ‘కొంచెం’. ఆ తర్వాత అరచేయి కిందికి పెట్టి మెల్లగా దించుతూ ‘నెమ్మదిగా’. నాకు సైన్ కొంచెమే వచ్చు, నెమ్మదిగా చెప్పండి అని. అప్పటికీ అర్థం కాకపోతే పుస్తకం ఇవ్వండి.

రాసేటప్పుడు చిన్న వాక్యాలు రాయండి. సైన్‌తో పెరిగినవాళ్లకు తెలుగు రెండో భాష, కొందరికి మూడోది. ‘మీకు వీలైతే ఈ రోజు సాయంత్రం లోపల పంపగలరేమో చూస్తారా’ అని కాకుండా ‘ఈ రోజు 5 గంటలకు పంపండి’ అని రాయండి. వాళ్ల వాక్యంలో విభక్తులు తప్పితే దిద్దకండి. అది తెలివికి కొలత కాదు.

గుంపులో ఉన్నప్పుడు అందరూ నవ్వితే డెఫ్ వ్యక్తి ఏమిటని అడుగుతారు. ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అనకండి. మా ఆఫీసు తమ్ముడు ఒకసారి కాగితం మీద నాకు రాసి ఇచ్చాడు, పాత ఆఫీసులో తనకు ఎక్కువసార్లు వచ్చిన జవాబు అదేనని, ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదని. ఒక్క వాక్యమైనా సరే, అప్పుడే చెప్పండి.

పక్కన వాళ్ల ఇంటివాళ్లో, సైన్ వచ్చిన మరొకరో ఉంటే మీ చూపు డెఫ్ వ్యక్తి మీదే ఉండాలి. ‘ఆయన్ని ఏ ఊరో అడగండి’ అని పక్కవాళ్లతో అనకండి. ‘మీది ఏ ఊరు?’ అని ఆయన ముఖం చూసే అడగండి. పక్కవాళ్లు దాన్ని సైన్‌లోకి మారుస్తారు.

## 8. థాంక్స్, సెలవు

థాంక్స్‌కు అరచేయి మీ వైపు తిప్పి, వేళ్ల కొనలు గడ్డానికి తాకించి, చేతిని అవతలి మనిషి వైపు ముందుకు, కొద్దిగా కిందికి తీసుకెళ్లండి. మొదలు గడ్డం దగ్గరే, పెదవుల మీద కాదు. పెదవులు ముడిచి అక్కడి నుంచి మొదలుపెడితే గాలిలో ముద్దు విసిరినట్టు కనిపిస్తుంది. ఆడవాళ్ల ముందు ఇది పెద్ద ఇబ్బంది తెస్తుంది. అద్దం ముందు ఈ సైన్‌నే ఎక్కువసార్లు చేయండి.

కలుద్దాం అనడానికి రెండు చూపుడువేళ్లూ నిలబెట్టి, రెండు పక్కల నుంచి దగ్గరికి తీసుకురండి. ఇద్దరు మనుషులు ఎదురుగా వచ్చి నిలబడినట్టు. ఎప్పుడన్నది గడియారం చూపించో, రాసో చెప్పవచ్చు. తర్వాత చేయి ఊపి, వాళ్లు కూడా ఊపాక తిరగండి. మాట ముగియకముందే వీపు తిప్పడం సైన్‌లో ముఖం మీద తలుపు వేయడమే. ఫోన్ మోగితే కూడా చెవి దగ్గర చేయి పెట్టి ఫోన్ అని చూపించి, ఒక్క నిమిషం అని వేలు చూపించి అప్పుడు తిరగండి. వాళ్లకు రింగు వినపడలేదు కదా, మీరు ఎందుకు పోతున్నారో తెలియదు.

## 9. ఒక ఉదయం, మొదటి నుంచి చివరిదాకా

మా తమ్ముడు చేరిన రోజు నేను చేసింది, ఆ తర్వాత దిద్దుకున్నది కలిపి చెబుతాను.

ఉదయం తొమ్మిదిన్నర. అతను కిటికీ పక్క బల్ల దగ్గర బిల్లుల కట్ట చూస్తున్నాడు. నేను అతని వెనక తలుపులోంచి వచ్చాను. అక్కడే భుజం మీద చేయి వేశాను, ఉలిక్కిపడ్డాడు. తర్వాత రోజు నుంచి బల్లకు అటువైపు తిరిగి వెళ్లి, బల్ల మీద రెండుసార్లు తట్టడం అలవాటు చేసుకున్నాను.

తల ఎత్తాడు. కిటికీ నా వెనక ఉంది. అతను కళ్లు చిట్లించాడు. కళ్లు చిట్లించారంటే వెలుతురు తప్పుగా ఉందని గుర్తు. రెండు అడుగులు పక్కకు జరిగాను, నా ముఖం మీద వెలుతురు పడింది, అతని నుదురు మామూలైంది.

చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టి నమస్కారం. అతను నమస్కారం. ‘మీరు, బాగు’ అన్నాను, కనుబొమలు లేపడం మరిచాను. తల ఊపి మళ్లీ బిల్లులు చూడబోయాడు. మళ్లీ బొటనవేలు చూపించి ఈసారి ముఖంతో అడిగాను. అప్పుడు నవ్వి, తనూ బొటనవేలు చూపించి, అదే ముఖంతో నన్ను అడిగాడు.

‘నేను’ అని చూపించి పేరు అక్షరాల్లో చెప్పాను. మూడో అక్షరం తప్పు. అతను చేయి చాచి ఆగమని, ఆ అక్షరం తన చేతుల్తో చేసి చూపించాడు. నేను అలాగే చేసి మొదటి నుంచి చెప్పాను. తర్వాత తన పేరు, ఆ తర్వాత తన సైన్ పేరు చూపించాడు. నేను తిరిగి చేశాను. థాంక్స్, కలుద్దాం అనే వేళ్లు, చేయి ఊపడం. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మధ్యాహ్నం కటింగ్ షెడ్‌లోకి ఇద్దరం వెళ్లాం. అక్కడ మిషన్ల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. షెడ్‌లో పనివాళ్లు రాయి ఎత్తు, దించు, ఆపు అన్నీ చేతులతోనే చెప్పుకుంటారు. అక్కడ మా తమ్ముడికి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ నేర్పాల్సిన పని పడలేదు. వాళ్ల నమస్కారానికి అతను నమస్కారం పెట్టి, బొటనవేలితో బాగున్నారా అని అడిగాడు. వాళ్లు జవాబిచ్చారు.

## 10. ఇంటి పక్కవాళ్లతో వేరుగా చేయాల్సినవి

ఆఫీసులో రోజూ కనబడతారు కాబట్టి పిలవడం తేలిక. ఇంటి దగ్గర గేటు, తలుపు అడ్డం ఉంటాయి. తలుపు కొడుతూ నిలబడితే లాభం లేదు. మా పక్కింటి అక్క తన ఇంట్లో బెల్ నొక్కితే హాల్లో లైటు వెలిగేలా కరెంటు మిస్త్రీతో పెట్టించుకుంది. అలాంటిది లేని ఇంటికి వెళ్లేముందు వాట్సాప్‌లో ‘గేటు దగ్గర ఉన్నాను’ అని మెసేజ్ పెట్టండి. వాయిస్ మెసేజ్ వద్దు. తొందర్లో మనకు తెలియకుండానే ఆ మైకు గుర్తు నొక్కేస్తాం. వీడియో కాల్ చేయాలనుకుంటే ముందు మెసేజ్‌లో అడిగి చేయండి. ఫోన్‌ను ఎక్కడైనా ఆనించి, రెండు చేతులూ తెరలో పట్టేలా వెనక్కి జరగండి. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో సైన్ చేస్తే సగం మాటే వెళుతుంది.

శుభకార్యానికి పిలవడానికి వెళితే మన పద్ధతి మారదు. బొట్టు పెట్టి, శుభలేఖ రెండు చేతులా ఇచ్చి, వాళ్లు అది చదివేదాకా ఆగండి. చదువుతున్నప్పుడు సైన్ చేయకండి, కళ్లు ఒకేసారి రెండు చోట్ల ఉండవు. తల ఎత్తాక ‘మీరు’ అని చూపించి, అరచేయి మీ వైపు తిప్పుకుంటూ రమ్మని పిలవండి. పిలుపు ఇంట్లో వినే పెద్దవాళ్లకు చెప్పి, అక్కకు చెప్పమని వెళ్లిపోవడం జరుగుతుంటుంది. పిలుపు ఎవరిదో వాళ్లకే అందాలి.

రాత్రి కరెంటు పోతే సంభాషణ ఆగిపోతుంది. టార్చ్ వాళ్ల కళ్లలోకి కొట్టకుండా మీ ముఖం, చేతుల మీద పడేలా గోడ మీదో గట్టు మీదో పెట్టండి. వాళ్లు మాట్లాడేటప్పుడు దాన్ని అటు తిప్పండి.